పెద్దమనిషి అయ్యాక ఎంత ఎత్తు మిగులుతుంది?

తెలంగాణలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్లు కనీసం 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో ఈ రెండు అంకెలు తెలియని ఇల్లు తక్కువ. పిల్లలు ఏడో తరగతికి వచ్చేసరికే తలుపు పక్కన గోడకు నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీస్తారు. గీత కదలకపోతే టెన్షన్ మొదలవుతుంది, పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ అడిగేది ఒకటే ప్రశ్న: "ఇంకా ఎదుగుతడా సార్?"

ఆ ప్రశ్నకు జవాబు పిల్లవాడి వయసులో దొరకదు. ఒకే తరగతిలో కూర్చునే పదమూడేళ్ల పిల్లల్లో ఒకరి ఎదుగుదల దాదాపు పూర్తయి ఉండొచ్చు, పక్కనున్న వాళ్లకు అసలు ఎదుగుదల ఇంకా మొదలే కాకపోయి ఉండొచ్చు. దానికి తోడు కాగితం మీది వయసును నమ్మడమూ కష్టమే. ఇంట్లో పుట్టిన పిల్లలకూ, వలస వెళ్లినచోట పుట్టిన పిల్లలకూ బడిలో చేర్చిన రోజున జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసి పంపిన సందర్భాలు పాలమూరు వైపు చాలానే ఉన్నాయి. అలాంటి కాగితం మీద ఏడాది అటూ ఇటూ తేడా ఉంటే ఎత్తు లెక్క మొత్తం తారుమారవుతుంది. అందుకే డాక్టర్ వయసును పక్కన రాసుకుని, శరీరం కౌమారంలో ఎంత దూరం నడిచిందో చూస్తారు. ఆడపిల్లల్లో రొమ్ముల ఎదుగుదల, మగపిల్లల్లో వృషణాల పరిమాణం ఆ దూరాన్ని చెబుతాయి.

ఈ పద్ధతికి టానర్ స్టేజీలు అని పేరు. జేమ్స్ టానర్ బ్రిటిష్ వైద్యుడు. లండన్‌కు ఉత్తరాన హార్పెండెన్ అనే ఊళ్లోని ఒక అనాథ పిల్లల వసతిగృహంలో ఆయన బృందం ఏళ్ల తరబడి అవే పిల్లలను మళ్లీ మళ్లీ కొలిచింది. ఆ కొలతల ఆధారంగా సహచర పరిశోధకుడు మార్షల్‌తో కలిసి ఆయన 1969లో ఆడపిల్లల గురించీ, 1970లో మగపిల్లల గురించీ రాసిన రెండు పేపర్లే నేటికీ ఆధారం. ఎదుగుదలను ఐదు స్టేజీలుగా విడగొట్టారు. మొదటిది పూర్తిగా చిన్నతనం, ఐదోది పెద్దవాళ్ల శరీరం. ఎత్తు లెక్కకు కావలసిందంతా మధ్యలోని మూడు స్టేజీల్లోనే ఉంది.

స్టేజీకీ ఎత్తుకూ సంబంధం ఎక్కడిదంటే, రెండింటినీ నడిపే హార్మోన్ ఒకటే. పొడవు ఎముకల చివర్లలో మృదులాస్థితో చేసిన పలుచని పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఈస్ట్రోజెన్ కొద్దికొద్దిగా పెరుగుతున్నప్పుడు శరీరంలో గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలై ఆ పొర వేగంగా పనిచేస్తుంది. అదే ఈస్ట్రోజెన్ కొన్నేళ్లపాటు ఎక్కువ మోతాదులో ఉంటే ఆ పొర అరిగిపోయి గట్టి ఎముకగా మారుతుంది, ఇక అక్కడ ఎదుగుదల ఉండదు. ఎత్తును పరుగెత్తించేదీ, ఆపేదీ ఒక్కటే అన్నమాట. మగపిల్లల్లోనూ ఇదే జరుగుతుంది, వాళ్ల టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం ఈస్ట్రోజెన్‌గా మారి ఎముకల మీద పనిచేస్తుంది. ఈ సంగతి 1994లో బయటపడిన ఒక కేసుతో ఖాయమైంది. ఈస్ట్రోజెన్‌కు స్పందించే శక్తి పుట్టుకతోనే లేని ఒక పురుషుడు ఇరవై ఎనిమిదేళ్ల వయసులో 204 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నాడు, అప్పటికీ అతని ఎముకల చివర్లు మూసుకోలేదు.

ఆడపిల్లల్లో కౌమారం మొదలైనట్టు చెప్పే తొలి గుర్తు రొమ్ము రెండో స్టేజీ. చనుమొన కింద చిన్న గట్టి బిళ్లలాంటిది చేతికి తగులుతుంది, కొంచెం నొప్పిగా కూడా ఉండొచ్చు. చాలాసార్లు ముందు ఒక వైపే వస్తుంది, రెండో వైపు కొన్ని నెలల తర్వాత. ఒక వైపే రావడం చూసి గడ్డ అనుకుని భయపడే తల్లులు ఉన్నారు. దాన్ని కోసి పరీక్షకు పంపడం మాత్రం పెద్ద పొరపాటు, ఆ మొగ్గ పోతే ఆ వైపు రొమ్ము సరిగ్గా పెరగదు. ఇది సాధారణంగా ఎనిమిది, పదమూడేళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవుతుంది. ఎత్తు పరుగు కూడా దాదాపు అప్పుడే మొదలై, మూడో స్టేజీకి అటూ ఇటూగా శిఖరానికి చేరుతుంది. ఆ శిఖరం దగ్గర ఏడాదికి ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు పెరిగే అమ్మాయిలు మామూలే. ఆ తర్వాత వేగం తగ్గుతుంది. మొదటి నెలసరి వచ్చేది ఈ తగ్గుదలలోనే, సాధారణంగా నాలుగో స్టేజీలో.

మార్షల్, టానర్ గమనించిన అమ్మాయిల్లో మొదటి నెలసరి ప్రతిసారీ ఎత్తు వేగం శిఖరం దాటాకే వచ్చింది. రొమ్ము మొగ్గ కనిపించినప్పటి నుంచి నెలసరి వరకు సగటున రెండేళ్ల పైచిలుకు పడుతుంది. ఇంట్లో వాళ్ల లెక్క మాత్రం నెలసరితోనే మొదలవుతుంది. పెద్దమనిషి అయ్యిందని చుట్టాలను పిలిచి చీరల ఫంక్షన్ చేస్తారు, ఇక నుంచి పిల్ల ఎదుగుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఫంక్షన్ రోజుకి ఎదుగుదలలో ఎక్కువ భాగం అయిపోయి ఉంటుంది. నెలసరి తర్వాత మిగిలేది సగటున ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు. పదేళ్లకే నెలసరి వచ్చిన అమ్మాయికి అంతకంటే కొంచెం ఎక్కువ మిగలొచ్చు, పద్నాలుగు దాటాక వచ్చిన అమ్మాయికి తక్కువ. అందుకని ఎత్తు గురించి డాక్టర్‌ను కలవడానికి పనికొచ్చే సమయం నెలసరికి రెండేళ్ల ముందుది. దాన్ని ఎవరూ పండగలా చేయరు కాబట్టి ఎవరికీ గుర్తుండదు.

మగపిల్లల దారి వేరు. ఇక్కడ తొలి గుర్తు బయటికి అసలు కనబడదు. వృషణాలు పెరిగి 4 మిల్లీలీటర్ల పరిమాణానికి చేరితే కౌమారం మొదలైనట్టు లెక్క. దీన్ని కొలవడానికి స్విట్జర్లాండ్ వైద్యుడు ఆండ్రియా ప్రాడర్ రూపొందించిన పూసల దండ ఉంది. దారానికి గుచ్చిన 12 పూసలు, 1 మిల్లీలీటర్ నుంచి 25 మిల్లీలీటర్ల దాకా. డాక్టర్ ఒక చేత్తో పరీక్షిస్తూ రెండో చేతిలో దానికి సరిపోయే పూసను వెతుకుతారు, పూస మీది అంకె కార్డులో రాస్తారు. ఆడపిల్లల్లా మొదలవగానే ఎత్తు పరుగు రాదు. 4 నుంచి 8 మిల్లీలీటర్ల మధ్య పిల్లవాడు చిన్నతనంలో పెరిగిన వేగంతోనే, ఏడాదికి సుమారు ఐదు సెంటీమీటర్లు పెరుగుతుంటాడు. టెస్టోస్టిరాన్ తగినంత పెరగడానికి సమయం పడుతుంది. 10, 12 మిల్లీలీటర్ల దగ్గరికి వచ్చాక, అంటే మూడో స్టేజీ చివర, నాలుగో స్టేజీలో, ఏడాదికి తొమ్మిది, పది సెంటీమీటర్ల పరుగు అందుకుంటాడు. గొంతు మారడం ఆ పరుగుకు దగ్గర్లో, మీసం నిండుగా రావడం దాని తర్వాత. మీసాలు వచ్చినా పొట్టిగానే ఉన్నాడని తీసుకొచ్చిన కుర్రాడికి మిగిలింది తక్కువ. మీసం ఛాయ కూడా లేదని దిగులుపడుతూ తీసుకొచ్చిన కుర్రాడికి తరచుగా చాలా మిగిలి ఉంటుంది.

ఆడవాళ్లకూ మగవాళ్లకూ సగటున 13 సెంటీమీటర్ల తేడా రావడానికి ప్రధాన కారణం ఇదే. మగపిల్లల పరుగు రెండేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి ఆ రెండేళ్లూ వాళ్లు మామూలు వేగంతో పెరుగుతూనే ఉంటారు. పరుగు వచ్చాక దాని వేగం కూడా కాస్త ఎక్కువ.

ఇదంతా ఒక ఇంట్లో ఎలా కనబడుతుందో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో అన్నాచెల్లెళ్లు. అన్నకు పదమూడేళ్ల పది నెలలు, ఎత్తు 146 సెంటీమీటర్లు. చెల్లికి పన్నెండేళ్ల ఎనిమిది నెలలు, ఎత్తు 147. చెల్లి తన కంటే ఎత్తుగా ఉందని అన్నకు నామోషీ. వీడు మేనమామ పోలిక, ఎదగడని నాయనమ్మ తేల్చేసింది. చెల్లి గురించి ఎవరికీ చింత లేదు, మూడు నెలల కిందటే పెద్దమనిషి అయింది, తరగతిలో పొడుగు పిల్లల్లో ఒకతె.

డాక్టర్ ముందు తల్లిదండ్రులనే స్కేలు ముందు నిలబెడతారు. నోటి మాటగా చెప్పే ఎత్తు దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, ముఖ్యంగా తండ్రులది. తండ్రి 166, తల్లి 151. రెండూ కూడి, మగపిల్లవాడికి 13 కలిపి, ఆడపిల్లకు 13 తీసేసి, సగం చేస్తే ఆ ఇంటి పిల్లలు చేరగల ఎత్తు మధ్యస్థంగా తెలుస్తుంది. అబ్బాయికి 165, అమ్మాయికి 152. ఇవి గురి చూపే అంకెలు మాత్రమే, ఏడెనిమిది సెంటీమీటర్లు అటూ ఇటూ కావడం మామూలే. తర్వాత బడిలో ఆరోగ్య తనిఖీ కార్డు ఉంటే అడుగుతారు. అమ్మాయి రెండేళ్ల కిందట 131, ఏడాది కిందట 140, ఇప్పుడు 147. అంటే ముందు ఏడాది తొమ్మిది పెరిగి, తర్వాతి ఏడాది ఏడుకు తగ్గింది. శిఖరం వెనకబడిపోయింది. అబ్బాయి ఏడాదికి ఐదు చొప్పునే నిలకడగా పెరుగుతున్నాడు, శిఖరం ఇంకా రాలేదు.

ఆ తర్వాత పరీక్ష. ఆడపిల్లను మహిళా డాక్టర్, లేదంటే నర్సు సమక్షంలో, తల్లి పక్కన ఉండగా, తెర చాటున చూస్తారు. ఎందుకు చూస్తున్నారో పిల్లకు ముందే చెప్పి ఒప్పుకున్నాకే చూడాలి, తల్లి ఒప్పుకుంటే చాలదు. ఒకటి రెండు నిమిషాల పని. సిగ్గుపడే పిల్లలకు కొన్నిచోట్ల గీతల బొమ్మలు చూపించి ఏది తమకు దగ్గరో గుర్తు పెట్టమంటారు, అయితే ఆ జవాబు అంత కచ్చితంగా ఉండదు. ఇంట్లో తల్లిదండ్రులు చేయాల్సింది ఎత్తు కొలిచి తేదీతో రాసుకోవడం వరకే. స్టేజీ చూడటం ఆసుపత్రి గదిలోనే జరగాలి.

అమ్మాయిది నాలుగో స్టేజీ. అబ్బాయి వృషణాల పరిమాణం 8 మిల్లీలీటర్లు, మూడో స్టేజీ మొదట్లో ఉన్నాడు. ఇక్కడికే సగం జవాబు వచ్చేసింది. ఎత్తు దాదాపు సమానంగా ఉన్న ఈ ఇద్దరిలో అమ్మాయి ప్రయాణం చివరికొచ్చింది, అబ్బాయి ప్రయాణంలో వేగంగా సాగే భాగం ముందుంది.

మిగతా సగం ఎక్స్-రేలో దొరుకుతుంది. ఎడమ చేయి, మణికట్టు కలిపి ఒక్క ఫిల్మ్, జిల్లా ఆసుపత్రిలోనే తీస్తారు. వేళ్ల ఎముకల చివర్లలో పొర ఎంత తెరిచి ఉందో, మణికట్టులోని చిన్న ఎముకలు ఏ ఆకారానికి వచ్చాయో అట్లాస్‌లోని బొమ్మలతో పోల్చి ఎముక వయసు చెబుతారు. ఎక్కువగా వాడేది గ్రూలిక్, పైల్ తయారుచేసిన అట్లాస్. మన ఉదాహరణలో ఇద్దరి ఎముక వయసూ పదమూడే అనుకుందాం. ఆ వయసుకు పెద్దయ్యాక ఉండబోయే ఎత్తులో ఎంత శాతం వచ్చేసిందో బేలీ, పినో పట్టికలు చెబుతాయి. పదమూడేళ్ల ఎముక వయసున్న అమ్మాయికి 95.8 శాతం, అబ్బాయికి 87.6 శాతం. అమ్మాయి ఎత్తు 147ను 0.958తో భాగిస్తే 153.4 వస్తుంది. అబ్బాయి 146ను 0.876తో భాగిస్తే 166.7. అమ్మాయికి ఇంకా ఆరు సెంటీమీటర్ల పైచిలుకు, నెలసరి తర్వాత మిగిలే సగటుకు ఇది సరిపోతుంది. అబ్బాయికి ఇరవై. నాయనమ్మ దిగులుపడాల్సి వస్తే మనవరాలి గురించే పడాలి, అదీ కొంచెమే.

ఇక్కడ డాక్టర్ ఆగి ఒక మాట చెప్పాలి, చాలామంది చెప్పరు. ఈ లెక్కలో ఐదు సెంటీమీటర్ల దాకా పొరపాటు రావడం మామూలు. అమ్మాయి అంచనా 153.4, పోలీసు కొలత 152.5. అబ్బాయి అంచనా 166.7, అతనికి కావలసింది 167.6. ఇద్దరూ గీతకు ఒక్క సెంటీమీటర్ దూరంలోనే ఉన్నారు, ఒకరు పైన, ఒకరు కింద. ఈ పద్ధతికి ఆ ఒక్క సెంటీమీటర్‌ను తేల్చే శక్తి లేదు. పైగా ఆ అట్లాస్, ఆ పట్టికలు మన పిల్లల మీద తయారైనవి కావు. అమ్మాయి తప్పకుండా దాటుతుందనో, అబ్బాయి దాటడనో రాసిచ్చే డాక్టర్ పట్టికకు లేని కచ్చితత్వాన్ని దానికి అంటగడుతున్నట్టే.

స్టేజీ చూడటంలో జరిగే తప్పుల్లో మొదటిది వెంట్రుకలను చూసి లెక్క వేయడం. చంకల్లో, మర్మస్థానంలో వెంట్రుకలు రావడానికి మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి ఒక్కటే చాలు, అండాశయాలతోనూ వృషణాలతోనూ పని లేదు. తొమ్మిదేళ్ల పిల్లకు కొద్దిగా వెంట్రుకలు వచ్చి, రొమ్ము ఇంకా మొదటి స్టేజీలోనే ఉంటే ఆమె ఎత్తు పరుగు మొదలైనట్టు కాదు. అబ్బాయిల్లో ఈ తేడా ఇంకో రకంగానూ పనికొస్తుంది. ఏడేళ్ల పిల్లవాడికి వెంట్రుకలు, కండలు వచ్చి, ఎత్తు గబగబా పెరుగుతూ, వృషణాలు మాత్రం చిన్నపిల్లాడివిగానే ఉంటే హార్మోన్ మరెక్కడి నుంచో వస్తోందని అర్థం, అడ్రినల్ జబ్బు కోసం వెంటనే వెతకాలి.

రెండోది లావు. బొద్దుగా ఉన్న పిల్లల్లో ఛాతీ మీది కొవ్వు చూపుకు మూడో స్టేజీలా కనబడుతుంది. వేళ్లతో తాకి చూస్తే కొవ్వు మెత్తగా జారుతుంది, రొమ్ము కణజాలం గట్టిగా విడిగా తగులుతుంది. చూపుతోనే స్టేజీ రాసిన కార్డు మీద పెద్దగా ఆధారపడలేం. లావుగా ఉన్న అబ్బాయిలు సాధారణంగా ఆ వయసుకు ఎత్తుగానే ఉంటారు, అయితే ఎముక వయసు కూడా ముందుకు పోయి ఉండవచ్చు కాబట్టి ఇప్పటి ఎత్తును చూసి రేపటి ఎత్తును ఊహించడం కుదరదు.

నల్లగొండకు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన వాళ్లను ఆ ప్రాంతం చాలా ఏళ్లుగా చూస్తోంది. కాళ్లు వంగి, మోకాళ్లు తాకుతూ నడిచే వాళ్లను స్కేలుకు నిలబెడితే ఎముక అసలు పొడవు కంటే ఎత్తు తక్కువ పడుతుంది. పట్టికలో ఆ అంకె వేస్తే జవాబు తప్పుతుంది. అలాంటప్పుడు రెండు చేతులు చాచి ఈ కొస నుంచి ఆ కొసకు కొలుస్తారు, కూర్చోబెట్టి నడుము పై ఎత్తు వేరుగా కొలుస్తారు. ఎదుగుదల మిగిలిన పిల్లల్లో అయితే మోకాలి దగ్గర ఎముక పొరకు ఒక వైపు చిన్న ప్లేటు బిగించి, రెండో వైపు పెరిగేలా చేసి కాలును సరిచేసే ఆపరేషన్ ఉంది. అది పనిచేయాలంటే పొర తెరిచి ఉండాలి, నాలుగో స్టేజీ దాటిన అమ్మాయికి ఆ అవకాశం వేగంగా జారిపోతుంది.

ఇంకో తప్పు స్టేజీని తిరగేసి వాడటం, అంటే స్టేజీ చూసి వయసు చెప్పడం. రెండో స్టేజీలో ఉన్న అబ్బాయికి తొమ్మిదిన్నరేళ్లు ఉండొచ్చు, పదమూడున్నరా ఉండొచ్చు. దీన్ని వయసు నిర్ధారణకు వాడుతున్నారని తెలిసి టానర్ స్వయంగా 1998లో అమెరికా పిల్లల వైద్య పత్రికలో అభ్యంతరం రాశారు. స్టేజీ చెప్పేది మిగిలిన దారి గురించి, పుట్టిన తేదీ గురించి కాదు.

ఎత్తు పెంచుతామనే పౌడర్లు, మాత్రల విషయానికొస్తే, మూసుకున్న పొరను తెరిచే మందు లేదు. జిమ్ముల్లో దొరికే స్టిరాయిడ్ ఇంజెక్షన్లు అంతకంటే ప్రమాదం. వాటిలోని హార్మోన్ మూడో స్టేజీ కుర్రాడిలో ఈస్ట్రోజెన్‌గా మారి ఉన్న పొరను తొందరగా మూసేస్తుంది. మన ఉదాహరణలోని అబ్బాయికి ఎవరైనా అది ఇస్తే కొన్ని నెలలు బాగా పెరిగినట్టే కనబడతాడు, మిగిలిన ఇరవైలో కొంత అక్కడే పోగొట్టుకుంటాడు.

డాక్టర్ వైద్యం గురించి నిజంగా ఆలోచించేది వేరే సందర్భాల్లో. ఎనిమిదేళ్లు నిండకముందే రొమ్ము రెండో స్టేజీ వచ్చిన ఆడపిల్ల, తొమ్మిది నిండకముందే వృషణాలు పెరిగిన మగపిల్లవాడు ఇప్పుడు తోటివాళ్ల కంటే ఎత్తుగా ఉన్నా, పొర ముందే మూసుకుపోయి చివరికి పొట్టిగా మిగలొచ్చు. అలాంటి వాళ్లలో కొందరికి కౌమారాన్ని కొన్నాళ్లు ఆపే ఇంజెక్షన్లు ఇస్తారు. పదమూడు నిండినా రొమ్ము మొగ్గ రాని అమ్మాయినీ, పద్నాలుగు నిండినా 4 మిల్లీలీటర్లకు చేరని అబ్బాయినీ రక్త పరీక్షలకు పంపుతారు. ఇలాంటి అబ్బాయిల్లో చాలామంది ఆలస్యంగా ఎదిగే కుటుంబాలవాళ్లే, తండ్రి కూడా ఇంటర్ అయ్యాకే ఎదిగానని చెబుతాడు. అయినా పరీక్షించకుండా అలా అనుకుని వదిలేయకూడదు, రక్తహీనతా, థైరాయిడ్ లోపమూ, గోధుమ పడని పేగు జబ్బూ ఇలాగే కనబడతాయి.

అన్నాచెల్లెళ్లిద్దరికీ మందు రాయరు. అబ్బాయిని ఆరు నెలలకు మళ్లీ రమ్మంటారు. అప్పటికి పూస 10, 12 దగ్గరికి వచ్చి, ఎత్తు కనీసం మూడు నాలుగు సెంటీమీటర్లు పెరిగి ఉంటే అంచనా దారిలో ఉన్నట్టే. పూస 8 దగ్గరే ఆగిపోయి, ఎత్తు కూడా కదలకపోతే కౌమారం మధ్యలో నిలిచిందని అనుమానించి హైదరాబాద్‌లోని హార్మోన్ల డాక్టర్, అంటే ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి పంపుతారు. పూస 12 దాటి, ఎత్తు మాత్రం రెండు సెంటీమీటర్లే పెరిగి ఉంటే మళ్లీ చేతి ఎక్స్-రే తీస్తారు, ఎముక వయసు లెక్కకు మించి ముందుకు దూకిందేమో చూడటానికి.